క్రియ చివర జారే కాలం, కనిపించని కర్త: ఒక చిత్తుప్రతిని పరీక్షించే పద్ధతి

తెలుగు వాక్యంలో కాలాన్నీ, పని చేసిన మనిషినీ తెలిపే గుర్తులు చాలావరకు ఒకే చోట, వాక్యం చివరనున్న సమాపక క్రియలో ఉంటాయి. ‘వచ్చాడు’ అన్న ఒక్క మాటలో రావడమనే పని, అది జరిగిపోయిందన్న సంగతి, వచ్చినవాడు ఒక పురుషుడన్న సమాచారం ఇమిడిపోతాయి. అందువల్ల కర్తను చెప్పకుండా వదిలేయడం తెలుగులో తప్పు కాకపోగా చాలాచోట్ల అదే సహజం. రాసేవారికి ఆ మనిషి ఎవరో మనసులో స్పష్టంగా ఉంటుంది కనుక వదిలేసిన కర్త వారికి కనిపిస్తూనే ఉంటుంది. చదివేవారికి కనిపించేది క్రియ తోక ఒక్కటే. చిత్తుప్రతిలో అనుకోకుండా దొర్లే అయోమయంలో పెద్ద భాగం ఈ తేడా నుంచే పుడుతుంది. రాసినవారు ఎన్నిసార్లు చదువుకున్నా అది పట్టుబడకపోవడానికి కారణమూ ఇదే.

కాలం మారడం గానీ, సర్వనామం మారడం గానీ దానంతట అది దోషం కాదు. గతాన్ని చెబుతున్న కథ ఒక ఘట్టంలో వర్తమానంలోకి రావచ్చు, తృతీయ పురుషలో నడిచే కథనం పాత్ర మనసులోకి వెళ్లి ‘నేను’ అనవచ్చు. పరీక్షించవలసింది ఆ మార్పు రాసినవారికి తెలిసి జరిగిందా, జారిపోయిందా అన్న విషయాన్ని. దీన్ని కేవలం చెవితో తేల్చుకోవడం కష్టం. ప్రతి వాక్యానికీ కాలాన్నీ కర్తనూ పక్కన రాసుకుంటూ పోయే చిన్న పట్టిక ఉంటే పని సులువవుతుంది. ఆ పద్ధతిని ఒక ఉదాహరణ మీద మొదటి నుంచి చివరి వరకు నడిపి చూడవచ్చు.

కింది భాగం ఇందుకోసమే కల్పించినది. చిత్తూరులో ఉండే అత్తాకోడళ్లు నరసమ్మ, సుజాత పిల్లవాడి తలనీలాల మొక్కు కోసం తిరుమలకు బయలుదేరారు. నరసమ్మ భర్త లేడు. సుజాత భర్త రవి చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వివరాలు రాసినవారికి తెలుసు. పాఠకుడికి కథ ఇక్కడే మొదలవుతుందని అనుకోవాలి.

(1) నరసమ్మ తెల్లవారకముందే లేచి స్నానం చేసింది. (2) సుజాత పిల్లవాడిని లేపి, ముఖం కడిగి, సంచులు సర్ది అప్పటికే ఆలస్యమైంది. (3) చిత్తూరు బస్టాండు జనంతో నిండి ఉంది. (4) తిరుపతి బస్సు వచ్చింది. (5) ఎక్కగానే నిద్రపోయింది. (6) చంద్రగిరి దాటితే కొండలు కనిపిస్తాయి. (7) పిల్లవాడిని దగ్గరికి తీసుకుని ‘అదిగో చూడు’ అని చూపిస్తుంది. (8) వాడు కిటికీకి ముఖం ఆనించి చూస్తాడు. (9) తనకు పాత రోజులు గుర్తొచ్చాయి. (10) ఆయన ఉన్నప్పుడు ప్రతి ఏడాదీ నడిచే ఎక్కేవాళ్ళం. (11) అలిపిరి నుంచి 3550 మెట్లు. (12) మోకాళ్ళ పర్వతం దగ్గర కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కుతారు. (13) ఈసారి బస్సులోనే వెళ్దామని చెప్పింది. (14) అంతలో రవి ఫోన్ చేసి సాయంత్రానికి తిరుపతి వస్తాడని చెప్పాడు. (15) ఆమె ముఖంలో సంతోషం కనిపించింది.

పైపైన చదివితే ఇది బాగానే సాగిపోతుంది. ఒకటి రెండు చోట్ల చిన్న కుదుపు తగిలినా కథ అర్థమైనట్టే ఉంటుంది. కాలానికి సంబంధించిన పరీక్షకు మొదటి మెట్టుగా వాక్యాలను వదిలేసి, ప్రతి వాక్యంలోని చివరి మాటను మాత్రమే నిలువుగా రాసుకోవాలి. క్రియ చివరన వచ్చే భాష కావడం వల్ల ఈ సౌకర్యం తెలుగుకు సహజంగా ఉంది. కాగితం మీద ఎర్ర పెన్సిలుతో చేసుకోవచ్చు. పొడవైన ప్రతి కంప్యూటర్‌లో ఉంటే, వాక్య సంఖ్యలు లేకుండా దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచి, ఈ చిన్న పైథాన్ ముక్కతో ఆ జాబితాను రాబట్టవచ్చు.

```python
import re
text = open("draft.txt", encoding="utf-8").read()
n = 0
for s in re.split(r"[.?!]\s+", text):
    if s.strip():
        n += 1
        print(n, s.split()[-1])
```

పై భాగానికి వచ్చే జాబితా ఇలా ఉంటుంది.

```
1 చేసింది
2 ఆలస్యమైంది
3 ఉంది
4 వచ్చింది
5 నిద్రపోయింది
6 కనిపిస్తాయి
7 చూపిస్తుంది
8 చూస్తాడు
9 గుర్తొచ్చాయి
10 ఎక్కేవాళ్ళం
11 మెట్లు
12 ఎక్కుతారు
13 చెప్పింది
14 చెప్పాడు
15 కనిపించింది.
```

ఇప్పుడు ప్రతి మాట పక్కన కాలం గుర్తు వేయాలి. ఇందుకు మూడు గుర్తులు సరిపోతాయి. ‘చేసింది’, ‘వచ్చింది’ వంటివి జరిగిపోయినవి. గతంలో అలవాటుగా జరిగినదాన్ని చెప్పే ‘ఎక్కేవాళ్ళం’ కూడా ఈ వైపే చేరుతుంది. ‘చూపిస్తుంది’, ‘ఎక్కుతారు’ వంటివి తద్ధర్మ రూపాలు; అలవాటునూ, ఎప్పటికీ నిజమైన సంగతినీ, రాబోయే పనినీ కూడా ఇవే చెబుతాయి. మూడో గుర్తు తటస్థమైన వాక్యాలకు. చాలామంది పట్టించుకోనిది ఈ మూడో రకాన్నే, ఈ పరీక్షలో అత్యంత విలువైనదీ ఇదే.

తెలుగులో కాలం చెప్పని వాక్యాలు తక్కువేమీ కాదు. ‘అది పాత ఇల్లు’ అన్న వాక్యంలో క్రియే లేదు, కనుక ఇల్లు ఇప్పుడు పాతదా, కథ జరిగినప్పుడు పాతదా అన్నది చుట్టూ ఉన్న వాక్యాలు చెప్పవలసిందే. ‘ఉంది’ కూడా అంతే. ‘ఆమె ఇంట్లో ఉంది’ అన్న వాక్యం వార్తలో వస్తే వర్తమానం, గతాన్ని చెప్పే కథ మధ్యలో వస్తే గతం. ‘లేదు’, ‘కాదు’ అన్న మాటలదీ అదే తీరు. ఇలాంటి వాక్యం తన పక్కవాటి కాలాన్ని అరువు తెచ్చుకుంటుంది. రాసేవారు ఒక కాలంలో ఇటువంటి వాక్యంలోకి ప్రవేశించి, తమకు తెలియకుండానే ఇంకో కాలంలోకి బయటపడతారు. జారుడు జరిగిన చోటికి ఒక వాక్యం పైన చూస్తే తటస్థ వాక్యం గానీ, సార్వకాలిక సత్యం చెప్పే వాక్యం గానీ తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

పై జాబితాలో ఆ సంగతి రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిది ఆరో వాక్యం దగ్గర. చంద్రగిరి దాటితే కొండలు కనిపించడం ఆ ఒక్క రోజుకు సంబంధించిన సంఘటన కాదు, ఎవరు ప్రయాణించినా ఎప్పుడు ప్రయాణించినా నిజం. కాబట్టి అక్కడ ‘కనిపిస్తాయి’ అనడం సరైనదే. దాన్ని ‘కనిపించాయి’ అని దిద్దవలసిన అవసరం లేదు. అయితే ఆ తద్ధర్మ రూపం చెవిలో నిలిచిపోయి తరవాతి రెండు వాక్యాలనూ తన వెంట లాక్కుపోయింది. ‘చూపిస్తుంది’, ‘చూస్తాడు’ అన్నవి ఆ రోజు ఒక్కసారి జరిగిన పనులు. తొమ్మిదో వాక్యంలో ‘గుర్తొచ్చాయి’ అని కథనం మళ్ళీ గతంలోకి వచ్చేసింది. పాఠకుడు ఏడో వాక్యాన్ని ‘ఈమె ఎప్పుడు ఈ దారిలో వచ్చినా ఇలాగే చూపిస్తుంది’ అని అలవాటుగా అర్థం చేసుకోవడానికి పూర్తి అవకాశం ఉంది.

రెండోది పదకొండో వాక్యం దగ్గర. ‘అలిపిరి నుంచి 3550 మెట్లు’ అన్నదానికి క్రియ లేదు. దాని ముందు ‘ఎక్కేవాళ్ళం’ అన్న గతకాలపు అలవాటు, దాని తరవాత ‘ఎక్కుతారు’ ఉన్నాయి. మెట్ల సంఖ్యను చెప్పేసరికి కథకుడి గొంతు యాత్రికులకు దారి చెప్పే గొంతుగా మారిపోయింది. మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చుని ఎక్కేది ఒకప్పటి ఆ దంపతులా, కాలినడకన వెళ్లే భక్తులందరూనా అన్నది వాక్యం చెప్పడం లేదు. ఈ రెండు అర్థాలూ సంగతమైనవే, రెండూ కథకు పనికొచ్చేవే. అందుకే పరిష్కర్త సొంతంగా దిద్దకూడని చోటు ఇది. ఎవరి సంగతి అని అంచున ప్రశ్న రాసి వదలడమే సరైన పని.

మార్పు కావాలని చేసిందా, జారిపోయిందా అని తేల్చుకోవడానికి మూడు విషయాలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కావాలని చేసిన మార్పుకు సాధారణంగా ఒక గుమ్మం ఉంటుంది: కొత్త పేరా, ఒక కాలవాచకం, లేదా ‘ఇప్పటికీ ఆ దృశ్యం కళ్ళముందు ఉంది’ వంటి ఒక మాట. అది కొంతసేపు నిలబడుతుంది. ఒక ఘట్టం మొత్తం వర్తమానంలో సాగితే దానికో ఉద్దేశం ఉందని పాఠకుడు గ్రహిస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఏదో ఒక గుర్తు ఉంటుంది. ఏడు, ఎనిమిది వాక్యాలకు ఈ మూడింటిలో ఏదీ లేదు. ఇంకా అనుమానం ఉంటే, ఆ క్రియలను చుట్టూ ఉన్న కాలంలోకి మార్చి చదివి చూడాలి. ‘చూపించింది’, ‘చూశాడు’ అన్నందువల్ల ఏమీ పోలేదనిపిస్తే ఆ వర్తమానం అక్కడ ఏ పనీ చేయలేదన్నమాట. వర్తమానంలో చెబితే జీవం వస్తుందన్న నమ్మకం కొత్తగా రాసేవారిలో కొంచెం ఎక్కువే. రెండు వాక్యాల వర్తమానం జీవం పోయడం అరుదు, సాధారణంగా అది అచ్చుతప్పులాగే కనిపిస్తుంది.

కాలం సంగతి ఇంతవరకే అయితే నష్టం పెద్దది కాదు. అసలు నష్టం కర్తల జాబితా రాసినప్పుడు బయటపడుతుంది. పైన ఇచ్చిన కంప్యూటర్ జాబితా ఇందుకు సాయపడదు. చివరి మాటను అది చూపగలదు గానీ వాక్యంలో లేని కర్తను చూపలేదు. ఇది చేత్తో చేయవలసిన పని. ప్రతి సమాపక క్రియకూ, ప్రతి సర్వనామానికీ పక్కన ఒక పేరు రాయాలి. ఆ పేరును రాసినవారి జ్ఞాపకం నుంచి తీసుకోకూడదు, ఆ వాక్యం వరకు పాఠకుడికి అందిన సమాచారం నుంచే తీసుకోవాలి. ఒకటికి మించి పేర్లు సరిపోతే అన్నీ రాయాలి.

రెండో వాక్యంలో ‘లేపి’, ‘కడిగి’, ‘సర్ది’ అన్నవి మూడూ క్త్వార్థకాలు. మామూలుగా ఈ రూపాల కర్తే చివరి సమాపక క్రియకూ కర్త కావాలి. ఇక్కడ సుజాత మూడు పనులు చేసి, నాలుగోది చేస్తుందని పాఠకుడు ఎదురుచూస్తుండగా, ‘ఆలస్యమైంది’ అన్న కర్త మారిన క్రియ ఎదురవుతుంది. ‘వాన కురిసి చెరువు నిండింది’ వంటి వాక్యాల్లో కర్త మారినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ మొదటి పని రెండోదానికి కారణం, రెండూ ఎవరూ పూనుకుని చేసినవి కావు. సుజాత వాక్యం ఆ కోవలోకి రాదు. ‘సర్ది’ అన్నదాన్ని ‘సర్దేసరికి’ అని మార్చితే వాక్యం నిలబడుతుంది. పొడవైన వాక్యాలు ఇష్టపడేవారి ప్రతుల్లో ఈ దోషం తరచు కనిపిస్తుంది. మూడు నాలుగు అసమాపక క్రియలు దాటాక మొదటి కర్త రాసేవారి మనసులోంచే జారిపోతుంది.

ఐదో వాక్యం ఈ భాగానికి కీలకం. ‘నిద్రపోయింది’ అన్న క్రియలోని ‘-ఇంది’ స్త్రీకీ, జంతువుకీ, వస్తువుకీ కూడా చెల్లుతుంది. తెలుగులో ఏకవచనంలో మగవారిని తెలిపే మహద్వాచకానికి ఒక రూపం, మిగిలిన అన్నిటికీ కలిపి ఇంకో రూపం ఉండటం వల్ల ఇద్దరు స్త్రీలున్న ప్రతి కథలోనూ ఈ చిక్కు పొంచి ఉంటుంది. ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉంటే క్రియే వారిని విడదీస్తుంది. ఇద్దరూ స్త్రీలైతే, మధ్యలో ఒక బస్సు కూడా వస్తే, మూడింటికీ ఒకే తోక. బస్సు నిద్రపోదు కనుక దాన్ని పాఠకుడు తీసేస్తాడు. మిగిలిన ఇద్దరిలో ఎవరు? తెల్లవారకముందే లేచిందని మొదటి వాక్యంలో చెప్పింది నరసమ్మ గురించి. పైగా పేరును బట్టి ఆమె పెద్దావిడలా తోస్తుంది. బస్సెక్కగానే నిద్రపోయేది ఆమే అని పాఠకుడు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రాసినవారి ఉద్దేశంలో నిద్రపోయింది సుజాత.

ఈ ఒక్క పొరపాటు అక్కడితో ఆగదు. నరసమ్మ నిద్రపోయిందని నమ్మిన పాఠకుడు ఏడో వాక్యంలో పిల్లవాడికి కొండలు చూపించింది సుజాత అనుకుంటాడు. తొమ్మిదిలో ‘తనకు’ అన్నదీ సుజాతకే అతుకుతుంది. పదో వాక్యంలో ‘ఆయన ఉన్నప్పుడు’ అని రాగానే సుజాత భర్త చనిపోయాడన్న నిర్ధారణకు వస్తాడు. పద్నాలుగో వాక్యంలో రవి అన్న పేరు మొదటిసారి వినిపిస్తుంది. అతను ఎవరో బంధువు అనుకోక తప్పదు. కర్త చెప్పకుండా వదిలేసిన ఒక్క క్రియ ఐదు వాక్యాలు దాటేసరికి ఒక మనిషిని చంపేసింది. ఇందులో పాఠకుడు ఎక్కడా అజాగ్రత్తగా చదవలేదు, ప్రతి చోటా ఉన్న సమాచారంతో సబబైన ఊహే చేశాడు.

పదో వాక్యంలో సర్వనామమే లేకపోయినా పురుష మారింది. అంతవరకు తృతీయ పురుషలో సాగిన కథనం ‘ఎక్కేవాళ్ళం’లోని చివరి సున్నతో ఉత్తమ పురుషలోకి దూకింది. ఇది నరసమ్మ మనసులోని మాట అని సమర్థించుకోవచ్చు. అలా ఉంచాలనుకుంటే ‘అనుకుంది’ అన్న మాటో, ఉల్లేఖన చిహ్నాలో ఉండాలి. లేదంటే ‘ఎక్కేవారు’ అని మార్చి, ఎవరో తెలిసేలా ‘భర్త ఉన్నప్పుడు ఇద్దరూ’ అని చెప్పాలి. ‘తను’ అన్న మాట విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకోవడం మంచిది. రాతలో అది సాధారణంగా వాక్యంలోని కర్తను గానీ, ఎవరి కళ్ళతో కథ చూస్తున్నామో ఆ పాత్రను గానీ సూచిస్తుంది. మాటల్లో ఇప్పుడు దాన్ని ‘అతను’, ‘ఆమె’ అన్నవాటికి బదులుగా ఎవరికైనా వాడేస్తున్నారు. ఒకే ప్రతిలో ఈ రెండు వాడుకలూ కలిస్తే ఆ మాట ఎవరిని సూచిస్తోందో తేల్చడం అసాధ్యమవుతుంది.

పదమూడో వాక్యం పక్కన పేర్లు రాస్తున్నప్పుడు ఇంకో రకమైన లోపం బయటపడుతుంది. ‘వెళ్దాం’ అన్నది వినేవారినీ కలుపుకునే రూపం, కనుక చెప్పినవారితో పాటు విన్నవారి పేరు కూడా రాయాలి. చెప్పింది నరసమ్మ. విన్నది? సుజాత ఐదో వాక్యంలో నిద్రపోయింది, లేచినట్టు ఎక్కడా లేదు. పైగా వారు అప్పటికే బస్సులో ఉన్నారు. ఈ ‘బస్సులోనే వెళ్దాం’ తిరుపతి నుంచి కొండకు వెళ్లడం గురించి అని చెప్పవలసి ఉంది. సర్వనామాలను వెతకడానికి వేసిన పట్టిక కథలోని రంధ్రాన్ని పట్టుకుంది. ఇలా జరగడం తరచుగా ఉంటుంది.

పద్నాలుగో వాక్యంలో ఒక్క అక్షరం తేడాతో అర్థం మారిపోయింది. తెలుగులో ‘అని’తో మాటను అప్పజెప్పేటప్పుడు, చెప్పినవాడు తన గురించే చెబితే లోపలి క్రియ ఉత్తమ పురుషలోనే ఉండిపోతుంది. ‘రవి వస్తానని చెప్పాడు’ అంటే వచ్చేది రవి. ‘రవి వస్తాడని చెప్పాడు’ అంటే రవి గురించి మరొకరు చెప్పారనో, మరొకతను వస్తాడని రవి చెప్పాడనో అర్థం వస్తుంది. ‘తాను వస్తానని’ అన్నప్పుడు ‘తాను’ పక్కన ‘వస్తాను’ రూపం ఉండటం కొందరికి పొసగనట్టు తోచి, దాన్ని ‘తాను వస్తాడని’ అని దిద్దుతారు. ఆ దిద్దుబాటే దోషం. పరిష్కరణలో కొత్తగా పుట్టే తప్పుల్లో ఇది ముఖ్యమైనది. రవి కొడుకా, మొగుడా, మరొకడా అన్నది అప్పటికే తెలియని పాఠకుడికి ఈ ‘వస్తాడని’ ఇంకొక కనిపించని మగవాణ్ణి కథలోకి తెస్తుంది. చివరి వాక్యంలో ‘ఆమె’ ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. కొడుకు వస్తున్నందుకు తల్లికీ, భర్త వస్తున్నందుకు భార్యకూ సంతోషం సహజమే కాబట్టి సందర్భం కూడా ఆదుకోదు.

పన్నెండో వాక్యం ఆ దంపతుల గురించే, చివరి వాక్యంలో ‘ఆమె’ సుజాతే అని రాసినవారు జవాబిచ్చారనుకుని ఈ గుర్తుల ప్రకారం దిద్దితే ఆ భాగం ఇలా ఉండవచ్చు.

నరసమ్మ తెల్లవారకముందే లేచి స్నానం చేసింది. సుజాత పిల్లవాడిని లేపి, ముఖం కడిగి, సంచులు సర్దేసరికి ఆలస్యమైంది. చిత్తూరు బస్టాండు జనంతో నిండి ఉంది. తిరుపతి బస్సు వచ్చింది. ఎక్కగానే సుజాత నిద్రపోయింది. చంద్రగిరి దాటితే కొండలు కనిపిస్తాయి. నరసమ్మ పిల్లవాడిని దగ్గరికి తీసుకుని ‘అదిగో చూడు’ అని చూపించింది. వాడు కిటికీకి ముఖం ఆనించి చూశాడు. ఆమెకు పాత రోజులు గుర్తొచ్చాయి. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ ప్రతి ఏడాదీ నడిచే కొండెక్కేవారు. అలిపిరి నుంచి 3550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కేవారు. తిరుపతి దగ్గరపడుతుండగా సుజాత లేచింది. ఈసారి కొండకు కూడా బస్సులోనే వెళ్దామని నరసమ్మ చెప్పింది. అంతలో కొడుకు రవి చెన్నై నుంచి ఫోన్ చేసి, సాయంత్రానికి తిరుపతి వస్తానని చెప్పాడు. సుజాత ముఖంలో సంతోషం కనిపించింది.

మూడు, ఆరు, పదకొండు వాక్యాలను ముట్టుకోలేదన్నది గమనించదగ్గ విషయం. పట్టికలో గుర్తు పడిన ప్రతి వాక్యాన్నీ ఒకే కాలంలోకి లాగితే, చంద్రగిరి కొండలు ఆ రోజు మాత్రమే కనిపించినట్టవుతుంది. తొమ్మిదో వాక్యంలో ‘ఆమె’ నిలబడగలిగింది కూడా ఏడో వాక్యంలో పేరు వచ్చినందువల్లే. సుజాత అప్పటికి నిద్రలో ఉంది, ‘వాడు’ పిల్లవాడు, మిగిలిన స్త్రీ ఒక్కతే. నరసమ్మ పేరు మళ్ళీ మళ్ళీ రావడం కొందరికి ఇష్టముండదు. దానికి బదులు ‘అత్త’ అని వాడవచ్చు గానీ, బంధువాచకం కూడా ఒక రకంగా సర్వనామం లాంటిదే. ‘అత్త చెప్పింది’ అంటే కథను సుజాత వైపు నుంచి చూస్తున్నట్టు, ‘అవ్వ చెప్పింది’ అంటే పిల్లవాడి వైపు నుంచి చూస్తున్నట్టు. అంతవరకు నరసమ్మ జ్ఞాపకాల్లో ఉన్న కథనంలో ఈ మాట వస్తే చూపు పక్కకు తిరుగుతుంది. ‘కొడుకు రవి’ అనడంలోనూ నరసమ్మ వైపు మొగ్గు ఉంది. ఇక్కడ అది సరిపోతుంది, ఎందుకంటే దృష్టి ఆమెదే. అయితే చివరి వాక్యంలో సంతోషం సుజాత ముఖంలో కనిపించడం, దాన్ని చూసింది నరసమ్మ కావడం, రాసినవారి ఉద్దేశమో కాదో అడిగి తెలుసుకోవాలి.

కథనమే చిత్తూరు మాండలికంలో సాగితే ఈ పట్టికను వేరుగా వేసుకోవాలి. ‘వచ్చినాడు’ అన్నది ‘వచ్చాడు’ కంటే వేరే కాలం కాదు, ప్రాంతం వేరు. ఒకే కథకుడి గొంతులో రెండూ కలిస్తే అది గొంతు తడబాటే తప్ప కాలం మార్పు కాదు. అసలు ప్రమాదం మాండలికంలో ఒక అర్థం, రాతభాషలో ఇంకో అర్థం ఉన్న రూపాలతో వస్తుంది. ఈ ప్రాంతంలో ‘నేను చెప్పినా’ అంటే ‘నేను చెప్పాను’ అని. రాతభాషకు అలవాటుపడిన పాఠకుడికి అదే రూపం ‘చెప్పినప్పటికీ’ అన్న అప్యర్థకం. ‘అత్తకు చెప్పినా. వినలేదు.’ అని మధ్యలో చుక్క పెడితే చెప్పింది ‘నేను’. ‘అత్తకు చెప్పినా వినలేదు’ అంటే చెప్పింది ఎవరైనా కావచ్చు. ‘చూస్తా’ కూడా అలాంటిదే: ఇక్కడి మాటలో అది ‘చూస్తూ’ కావచ్చు, ‘చూస్తాను’ కావచ్చు. ‘కొండ చూస్తా నిలబడినా’ అన్న వాక్యం తిరుపతి పాఠకుడికి ‘కొండ చూస్తూ నిలబడ్డాను’ అని నేరుగా అందుతుంది. కృష్ణా తీరపు పాఠకుడు మిగతా సగం వాక్యం కోసం ఎదురుచూస్తాడు. దీనికి మందు మాండలికాన్ని తీసేయడం కాదు. మొదటి పేరాలోనే ‘నేను’ అన్న కర్తతో, చుక్కతో ముగిసే రెండు మూడు వాక్యాలు పెడితే, ‘-నా’ ఇక్కడ సమాపక క్రియ అన్నది ఏ ప్రాంతపు పాఠకుడికైనా అలవాటవుతుంది. మాండలికంలో ఒక లాభం కూడా ఉంది. ఇక్కడ ‘ఉండాది’ ఇప్పటి సంగతి, ‘ఉండింది’ అప్పటి సంగతి. రాతభాషలో ‘ఉంది’ తటస్థంగా ఉండిపోయే చోట ఇక్కడి మాట కాలాన్ని తేల్చి చెబుతుంది.

ఈ పరీక్షను నవల మొత్తానికి చేయడం కుదరదు, అవసరమూ లేదు. ఘట్టాల క్రమం స్థిరపడ్డాక, ఒకే లింగానికి చెందిన ఇద్దరు పాత్రలు ఉన్న పేరాలనూ, గతంలోకి వెళ్లి వచ్చే పేరాలనూ, వర్ణనలూ సాధారణ సత్యాలూ సంఘటనల మధ్య వచ్చే పేరాలనూ ఎంచుకుంటే చాలు. గౌరవ బహువచనం ఉన్న చోట్లు కూడా ఇందులో చేర్చాలి. ‘వచ్చారు’ అన్నది ఒక పెద్దమనిషికీ, పదిమందికీ ఒకటే కాబట్టి, మాస్టారూ ఆయన శిష్యులూ ఉన్న దృశ్యంలో వచ్చింది ఎవరో తెలియకుండా పోతుంది.

దిద్దిన తరవాత మరోసారి చూడవలసింది క్రియలను కాదు, క్రియతో పాటు మారవలసిన చిన్న మాటలను. వర్తమానంలో రాసిన పేరాను గతంలోకి మార్చినప్పుడు సమాపక క్రియలు మారతాయి గానీ ‘ఇప్పుడు’, ‘రేపు’, ‘నిన్న’, ‘ఇక్కడ’, ‘ఈ’ అన్నవి పాత కాలంలోనే మిగిలిపోతుంటాయి. ‘రేపు గుండు చేయించడానికి కళ్యాణకట్టకు వెళ్లారు’ అన్నంత బాహాటంగా తప్పు కనిపిస్తే ఎవరైనా పట్టుకుంటారు. ‘ఈ రాత్రి తిరుపతిలోనే ఉండిపోవాల్సి వచ్చింది’ అన్నది కంటికి తప్పుగా కనిపించదు, అయినా ‘ఆ రాత్రి’ అని ఉండాలి. ‘అని’ లోపల ఉన్న మాటలను మాత్రం మార్చకూడదు. ‘ఈసారి కొండకు కూడా బస్సులోనే వెళ్దామని నరసమ్మ చెప్పింది’ అన్నప్పుడు ఆ ‘ఈసారి’ కథకుడిది కాదు, నరసమ్మది.